పక్క సీసా మీద రాయి వేయకుండా

ఉజాలా పేరు వినని తెలుగిల్లు దాదాపు ఉండదు. తెల్లచొక్కాలు, పంచెలు ఉతికే చోటల్లా ఆ చిన్న సీసా కనిపిస్తుంది. 1990ల చివర్లో ఆ నీలిమందు టీవీ ప్రకటన ఒకటి కలకత్తా హైకోర్టు దాకా వెళ్లింది. ప్రకటనలో పోటీ కంపెనీ పేరు ఎక్కడా పలకలేదు. కానీ తెరమీద చూపిన పోటీ సీసా ఆకారం రాబిన్ బ్లూ సీసాను గుర్తుచేసేలా ఉంది. దాని ధర పది రూపాయలని చెప్పారు. ఆ రోజుల్లో ఆ ధరకు అమ్ముతున్న నీలిమందు అదొక్కటే. పేరు చెప్పకపోయినా చూసేవాళ్లందరికీ అది ఎవరిదో తెలిసిపోయింది. రాబిన్ బ్లూ తయారుచేసే రెకిట్ అండ్ కోల్‌మన్ కోర్టుకెక్కింది.

1999లో వచ్చిన ఆ తీర్పు మన దేశంలో సరుకుల పోలికకు గీసిన తొలి గీతల్లో ఒకటి. వ్యాపారి తన సరుకు అన్నిటికంటే గొప్పదని చెప్పుకోవచ్చు. పోటీ సరుకు కంటే మెరుగని కూడా చెప్పుకోవచ్చు. ఏ విషయంలో మెరుగో పక్కపక్కన పెట్టి చూపొచ్చు. ఎదుటివాడి సరుకు చెడ్డదని మాత్రం చెప్పకూడదు. కోర్టు తేల్చిన సారాంశం ఇదే. ఆ ప్రకటన గీత దాటిందని భావించి దాన్ని ఆపమంది.

తర్వాతి తీర్పులు ఆ గీతను ఇంకాస్త బిగించాయి. దోమల నుంచి కాపాడే క్రీముల మీద డాబర్, కలర్‌టెక్ కంపెనీల మధ్య నడిచిన కేసులో ఢిల్లీ హైకోర్టు 2010లో ప్రకటనలకు కొంత అతిశయోక్తి చెల్లుతుందని ఒప్పుకుంటూనే, చెప్పే మాటకు కొంతైనా వాస్తవాధారం ఉండాలంది. అంటే సొంత గొప్పలకు సైతం హద్దు వచ్చింది.

ఒకప్పుడు ఈ తలనొప్పి టీవీ ప్రకటనలు తీయించగల పెద్ద కంపెనీలకే ఉండేది. ఇప్పుడు పచ్చళ్లు పట్టే మహిళా సంఘం, చేనేత చీరలు అమ్మే కుటుంబం, నూనె గానుగ పెట్టుకున్న యువకుడు, అందరూ ఆన్‌లైన్‌లో తమ సరుకు గురించి తామే రాసుకుంటున్నారు. ఫొటో, ధర, నాలుగు వాక్యాల వివరణ. ఆ నాలుగు వాక్యాలు కూడా చట్టం దృష్టిలో ప్రకటనే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకటనకు ఇచ్చిన నిర్వచనంలో ఇంటర్నెట్, వెబ్‌సైట్, లేబుల్, చివరికి ఇన్వాయిస్ కాగితం కూడా ఉన్నాయి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తయారీదారు మీద 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయవచ్చు.

ఈ పోలిక కత్తిసాములో చిన్న వ్యాపారులు ఎక్కువగా దెబ్బతినే సరుకు ఏదని చూస్తే, గానుగ నూనె ముందు వరసలో ఉంటుంది. హైదరాబాద్, విజయవాడ, తిరుపతి వీధుల్లో గానుగ దుకాణాలు చాలా వెలిశాయి. వాటి బోర్డుల మీద, లిస్టింగుల్లో కనిపించే భాష చూస్తే అమ్ముతున్నది నూనెనా, రిఫైన్డ్ నూనె మీద కోపాన్నా అన్న అనుమానం వస్తుంది. అందుకే ఆ ఒక్క సరుకునే తీసుకుని చూద్దాం. అనంతపురం జిల్లాలో ఒక చిన్న గానుగ ఉందని, దాని యజమాని లీటరు వేరుశనగ నూనె సీసాకు తొలిసారి వివరణ రాస్తున్నాడని ఊహించుకుందాం. మొదటి చిత్తు ప్రతి ఇలా ఉంటుంది:

“రిఫైన్డ్ నూనెలు విషంతో సమానం. వాటిని కెమికల్స్‌తో తీస్తారు. మా గానుగ నూనెలో కొలెస్ట్రాల్ లేదు, గుండెకు మంచిది. మార్కెట్‌లో దొరికే ఇతర నూనెలకన్నా స్వచ్ఛమైనది, ధరలోనూ తక్కువ.”

ఇలాంటి వివరణలు వందల చోట్ల కనిపిస్తాయి. రాసినవాళ్లలో ఎక్కువమంది మోసం చేయాలనుకునేవాళ్లు కారు. తమ సరుకు మీద నమ్మకంతోనే రాస్తారు. అయినా ఇందులో ఒక్క వాక్యం కూడా నిలబడదు. ఎందుకో ఒక్కొక్కటిగా చూడాలి.

“విషం” అన్న మాట సంగతి తేలిగ్గానే తేలుతుంది. రిఫైన్డ్ నూనె ఆహార భద్రతా ప్రమాణాల కింద అనుమతి ఉన్న ఆహారం. దాన్ని విషమనడం ఎవరి పేరూ చెప్పకపోయినా ఆ రకం సరుకు అమ్మే వాళ్లందరినీ దెబ్బతీయడమే. ఇలా ఒక కోవ మొత్తాన్ని తిట్టడం కూడా కించపరచడమేనని కోర్టులు చాలాసార్లు చెప్పాయి. ఎండాకాలంలో చ్యవనప్రాశ మరిచిపొమ్మంటూ తన అమృతప్రాశను పొగుడుకున్న ఇమామీ కంపెనీ ప్రకటనను 2004లో ఢిల్లీ హైకోర్టు ఆపింది. అందులో డాబర్ పేరు లేదు. కానీ చ్యవనప్రాశ మార్కెట్‌లో డాబర్‌దే పెద్ద చేయి కాబట్టి దెబ్బ తగిలేది దానికే. ఆహార ప్రకటనల మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో తెచ్చిన నిబంధనల్లో కూడా, తన సరుకు అమ్ముకోవడానికి మరో తయారీదారు సరుకును తక్కువ చేసి చూపే ప్రకటన చేయకూడదని స్పష్టంగా ఉంది.

“కెమికల్స్‌తో తీస్తారు” అన్నది కొంచెం జాగ్రత్తగా చూడాల్సిన మాట. ఇందులో సగం నిజం ఉంది, చిక్కు కూడా అక్కడే ఉంది. గింజల్ని యంత్రంలో ఒత్తి నూనె తీశాక చెక్కలో ఇంకా కొంత నూనె మిగులుతుంది. దాన్ని హెక్సేన్ అనే ద్రావకంతో కడిగి రాబట్టే పద్ధతి పెద్ద ఫ్యాక్టరీల్లో ఉంది. తర్వాత ఆ ద్రావకాన్ని ఆవిరి చేసి తీసేస్తారు, నూనెను శుద్ధి చేస్తారు. అయితే రిఫైన్డ్ వేరుశనగ నూనె అంతా ఇలాగే వస్తుందని చెప్పలేం. ఒత్తి తీసిన నూనెనే రిఫైన్ చేయవచ్చు. రిఫైనింగ్ అంటే జిగురు తీయడం, క్షారంతో ఆమ్లాన్ని తగ్గించడం, బంకమన్ను లాంటి పదార్థంతో రంగు పీల్చడం, చివరగా 200 డిగ్రీలు దాటిన వేడిలో ఆవిరి పంపి వాసన పోగొట్టడం. పైగా మార్కెట్‌లో మూడో రకం కూడా ఉంది. యంత్రంలో ఒత్తి, రిఫైన్ చేయకుండా వడకట్టి మాత్రమే అమ్మే ఫిల్టర్డ్ నూనె. గానుగ నూనెకు అసలు దగ్గరి చుట్టం అదే. “ఇతర నూనెలు” అని ఒక్క మాటతో అన్నిటినీ కలిపేస్తే ఈ మూడో రకానికి అన్యాయం జరుగుతుంది, కొనేవాళ్లకు సగం సమాచారమే అందుతుంది.

సగం నిజం ఎంత దూరం తీసుకెళ్తుందో ఐస్‌క్రీమ్ తగాదాలో చూడవచ్చు. ఐస్‌క్రీమ్‌ను పాలకొవ్వుతో చేస్తారు. ఫ్రోజెన్ డెజర్ట్‌లో పాలకొవ్వుకు బదులు వృక్షజన్య నూనె వాడతారు. ఈ తేడా నిజమైనది, వినియోగదారుడు తెలుసుకోదగినది. కానీ అమూల్ తన ప్రకటనలో ఫ్రోజెన్ డెజర్ట్‌కు వనస్పతిని జతచేసింది. క్వాలిటీ వాల్స్ అమ్మే హిందుస్థాన్ యూనిలీవర్ బొంబాయి హైకోర్టుకు వెళ్లింది. తమ సరుకులో ఉన్నది వనస్పతి కాదు, వృక్షజన్య కొవ్వు అని వాదించింది. 2017లో కోర్టు ఆ ప్రకటనలను ఆపింది. 2018లో ధర్మాసనం కూడా ఆ నిర్ణయాన్నే సమర్థించింది. “మాది పాలకొవ్వు” అని మాత్రమే చెప్పి ఉంటే ఆ మాటకు తిరుగు ఉండేది కాదు.

గానుగ యజమానికి కూడా దారి అదే. ఎదుటివాడు ఎలా తీస్తాడో చెప్పనక్కర్లేదు, తాను ఎలా తీస్తాడో చెబితే చాలు. “గింజల్ని కట్టె గానుగలో ఆడించి, నూనె తేరుకోనిచ్చి, గుడ్డతో వడకట్టి సీసాలో పోస్తాం. రిఫైన్ చేయం.” ఇందులో ప్రతి మాటనూ ఎవరైనా వచ్చి కళ్లారా చూసి సరిచూసుకోవచ్చు.

ఇక కొలెస్ట్రాల్. వేరుశనగ నూనెలో కొలెస్ట్రాల్ లేదన్నది నిజమే. కానీ పొద్దుతిరుగుడులోనూ లేదు, నువ్వులలోనూ లేదు, రిఫైన్డ్ ప్యాకెట్‌లోనూ లేదు. కొలెస్ట్రాల్ జంతువుల కొవ్వుల్లో ఉండేది. చెట్టు చేమల నుంచి వచ్చే నూనెల్లో లెక్కలోకి వచ్చేంత ఉండదు. అందరికీ సమానంగా ఉన్న గుణాన్ని తన ఒక్కడి గొప్పగా చెబితే, చదివేవాళ్లు పక్క సీసాలో అది లేదనుకుంటారు. ఒక్క తప్పు మాట కూడా రాయకుండా పోటీ సరుకును తక్కువ చేయడం ఇలాగే జరుగుతుంది. “గుండెకు మంచిది” మీద ఇంకా గట్టి పట్టుంది. నూనె ప్యాకెట్ల లేబుళ్ల మీద గుండెకు హాయి, కొలెస్ట్రాల్‌తో పోరాడేది, డబుల్ రిఫైన్డ్, సూపర్ రిఫైన్డ్ లాంటి అతిశయ పదాలు వాడకూడదని నిబంధనలు పేర్లు పెట్టి మరీ నిషేధించాయి.

పోషకాల విషయంలో పోల్చాలనుకుంటే ముందు తేడా ఉందా అని చూడాలి. గానుగదైనా రిఫైన్డ్‌దైనా వేరుశనగ నూనె దాదాపు నూరు శాతం కొవ్వే. వంద గ్రాములకు సుమారు 900 కేలరీలు. సంతృప్త కొవ్వుల పాళ్లూ దాదాపు ఒక్కటే, ఎందుకంటే అవి గింజ రకాన్ని బట్టి వస్తాయి, నూనె తీసే పద్ధతిని బట్టి కాదు. “తక్కువ కొవ్వు”, “తక్కువ కేలరీలు” అని పోల్చాలంటే రెండు ఆహారాల మధ్య కనీసం 25 శాతం తేడా ఉండాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. ఎంత తేడానో, దేనితో పోల్చారో కూడా అక్కడే చెప్పాలి. ఇక్కడ అసలు తేడాయే లేదు కాబట్టి ఆ మాట ఎత్తకపోవడమే న్యాయం. నిజమైన తేడాలు వేరే చోట ఉన్నాయి. వాసన, రుచి, రంగు. రిఫైనింగ్‌లో కొంత పోయే విటమిన్ ఇ.

స్వచ్ఛత మాట కూడా ఇలాంటిదే. తన నూనెలో వేరుశనగ నూనె తప్ప మరేదీ లేదని చెప్పుకునే హక్కు యజమానికి ఉంది. “ఇతర నూనెలకన్నా స్వచ్ఛం” అనగానే ఇతరులు కల్తీ చేస్తారన్న ఆరోపణ దాని వెనకాల నిలబడుతుంది. దాన్ని రుజువు చేయాలంటే మార్కెట్‌లోని నూనెలన్నీ పరీక్ష చేయించాలి. ఏ చిన్న గానుగకూ అది అయ్యే పని కాదు. సాధ్యం కాని రుజువును కోరే మాటను రాయకపోవడమే మంచిది.

చివరి మాట ధర. ఇక్కడ అంకెలు ఉంటాయి కాబట్టి అందరూ నమ్ముతారు. తప్పుడు పోలిక దాక్కోవడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

మన యజమాని లీటరు సీసాను 400 రూపాయలకు, అయిదు లీటర్ల డబ్బాను ఆఫర్‌లో 1,850 రూపాయలకు అమ్ముతున్నాడనుకుందాం. పక్క ఊరి గానుగ బ్రాండ్ లీటరు 420, అరలీటరు 230. ఇవన్నీ ఉదాహరణకు వేసుకున్న అంకెలే. ఆయన తన డబ్బా ధరను అయిదుతో భాగిస్తే లీటరు 370 వచ్చింది. పక్క బ్రాండ్ అరలీటరు ధరను రెండింతలు చేస్తే 460 వచ్చింది. “లీటరుకు 90 రూపాయలు ఆదా!” అని రాసేశాడు. లెక్కలో తప్పు లేదు, కానీ పోలిక తప్పు. పెద్ద డబ్బాలో లీటరు ధర ఎప్పుడూ తగ్గుతుంది, చిన్న సీసాలో ఎప్పుడూ పెరుగుతుంది. లీటరు సీసాను లీటరు సీసాతో, ఒకే రోజు, రెండూ ఎమ్మార్పీలోనో రెండూ అమ్మకపు ధరలోనో చూస్తే తేడా 20 రూపాయలే. ప్రకటనల నాణ్యతను చూసే స్వచ్ఛంద సంస్థ ఆస్కీ 1985 నుంచి పనిచేస్తోంది. తన సరుకుకు కృత్రిమమైన పైచేయి వచ్చేలా పోలిక అంశాన్ని ఎంచుకోకూడదని ఆ సంస్థ నియమావళి చెప్పేది సరిగ్గా ఇలాంటి లెక్కల గురించే.

నూనె విషయంలో ఇంకో గుంట కూడా ఉంది. లీటరు వేరుశనగ నూనె బరువు కిలో కాదు, సుమారు 910 గ్రాములు. నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది కాబట్టి ఎంత ఉష్ణోగ్రత దగ్గర లీటరు అన్నదాన్ని బట్టి బరువు మారుతుంది. అందుకే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో నూనె కంపెనీలను ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా బరువు కూడా ముద్రించమంది. ఇప్పుడు అంగడిలో చూడడానికి లీటరు ప్యాకెట్‌లా ఉండి 850 గ్రాములో 800 గ్రాములో ఉండే ప్యాకెట్లు కూడా కనిపిస్తాయి. వాటిని “లీటరు”గా భావించి ధర పోలిస్తే పోలిక మొదటి అడుగులోనే తప్పిపోతుంది. 910 గ్రాముల సీసా 400 రూపాయలంటే వంద గ్రాములు దాదాపు 44 రూపాయలు. 850 గ్రాముల రిఫైన్డ్ ప్యాకెట్ 170 అనుకుంటే వంద గ్రాములు 20 రూపాయలు. ఏ సరుకైనా వంద గ్రాముల ధరకు తెచ్చాకే పక్కపక్కన పెట్టాలి.

ఆ లెక్క చూడగానే యజమానికి ఒక సంగతి తెలిసిపోతుంది. రిఫైన్డ్ ప్యాకెట్‌తో పోలిస్తే తన నూనె రెండింతలకు పైగా ఖరీదు. “ధరలోనూ తక్కువ” అన్నది పక్క గానుగతో పోలిస్తే కొంత నిజం, రిఫైన్డ్‌తో పోలిస్తే పూర్తి అబద్ధం. దేనితో పోల్చాడో చెప్పకుండా వదిలేశాడు కాబట్టి ఆ వాక్యానికి నిజమూ అబద్ధమూ రెండూ అంటుకున్నాయి. ఖరీదు ఎక్కువని దాచే బదులు ఎందుకు ఎక్కువో చెప్పడమే బలమైన పని. లీటరు నూనెకు గానుగలో సుమారు రెండున్నర కిలోల గింజలు పడతాయి. చెక్కలో మిగిలిన నూనెను మళ్లీ రాబట్టరు. ఈ రెండు వాక్యాలు చదివిన గృహిణికి ధర అర్థమవుతుంది, పక్కవాడి మీద ఒక్క మాట కూడా పడదు.

న్యాయమైన పోలికకు అసలు పరీక్ష తన సరుకు ఓడిపోయే చోటును రాయగలగడం. గానుగ నూనె ఓడే చోట్లు కొన్ని ఉన్నాయి. రిఫైన్ చేయని నూనె తక్కువ వేడికే పొగలు కక్కుతుంది. సాధారణంగా చెప్పే అంకెల ప్రకారం రిఫైన్డ్ వేరుశనగ నూనె 230 డిగ్రీల దగ్గర పొగ వస్తే, రిఫైన్ చేయనిది 160 దాటాకే మొదలుపెడుతుంది. అట్లు, పోపులు, కూరలకు ఇబ్బంది లేదు. పెద్ద మంట మీద బాణలి నిండా నూనె పోసి గంటల తరబడి బజ్జీలు వేసే వాళ్లకు అది అనువు కాదు. కొంత మడ్డి అడుగున చేరుతుంది. వేరుశనగ వాసన అందరికీ, అన్ని వంటలకూ నచ్చదు. కొన్ని రిఫైన్డ్ ప్యాకెట్లకు విటమిన్ ఎ, డి కలుపుతారు, ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటే కలిపారని అర్థం. గానుగ నూనెలో అవి ఉండవు.

వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటి ఉంది. తేమ తగిలిన వేరుశనగ గింజల మీద ఒక రకం బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషపదార్థాన్ని వదులుతుంది. రిఫైనింగ్‌లో వాడే క్షారం దాన్ని చాలావరకు తీసేస్తుంది. గానుగలో ఆ మెట్టు లేదు. గింజల్లో ఉన్నది నూనెలోకి కొంత వస్తుంది. కాబట్టి “సహజం కనుక సురక్షితం” అన్న వాదన ఇక్కడ తిరగబడుతుంది. బాగా ఎండిన, బూజు లేని, ఏరిన గింజలు వాడితేనే గానుగ నూనె మంచిది. ఆ పని తాను ఎలా చేస్తున్నాడో చెప్పుకోగల యజమానికి ఇది బలహీనత కాదు, చెప్పదగిన విషయం. గింజల్లో తేమ కొలుస్తున్నాడా, ముడుచుకుపోయిన గింజల్ని ఏరిస్తున్నాడా, ప్రతి విడతనూ పరీక్షకు పంపుతున్నాడా? పక్క గానుగవాళ్లు ఈ పని చేయరని రాయాల్సిన అవసరమే రాదు. చేస్తున్నవాడు చెబితే, చేయని చోట కొనేవాళ్లే అడుగుతారు.

రిఫైన్డ్‌తో పోల్చడం ఒక కోవను మరో కోవతో పోల్చడం. మరో గానుగ బ్రాండ్‌తో పేరు పెట్టి పోల్చాలంటే నియమాలు మారతాయి. పేరు వాడడమే నేరమని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 1999 ట్రేడ్‌మార్కుల చట్టం ఇతరుల రిజిస్టర్డ్ పేరును నిజాయితీ గల వ్యాపార పద్ధతిలో ప్రస్తావించడాన్ని ఒప్పుకుంటుంది. ఆ పేరు ప్రతిష్ఠను సొంతానికి వాడుకోవడాన్ని, దాన్ని దెబ్బతీయడాన్ని మాత్రం ఉల్లంఘన అంటుంది. అయితే చట్టం ఒప్పుకున్నా అంగడి ఒప్పుకోకపోవచ్చు. అమెజాన్‌లో బ్రాండ్ యజమానులకు ఇచ్చే ఎ ప్లస్ పేజీలో పోలిక పట్టిక పెట్టుకోవచ్చు గానీ, అందులో సొంత బ్రాండ్ సరుకులే ఉండాలి. వెతుకుడు పదాల్లో పోటీ బ్రాండ్ల పేర్లు ఇరికించడం కూడా అక్కడ నిషిద్ధం. మన యజమాని అక్కడ తన వేరుశనగ, నువ్వుల, కొబ్బరి నూనెల్ని ఒక పట్టికలో పెట్టి ఏది ఏ వంటకో చెప్పవచ్చు. పక్క గానుగతో పోలిక తన సొంత వెబ్‌సైట్‌కో కరపత్రానికో పరిమితం.

అలా పేరు పెట్టి పోల్చే ముందు చేతిలో రుజువు ఉండాలి, రాశాక వెతుక్కోవడం కాదు. రంగు నిలకడ విషయంలో తనది మెరుగని చెప్పాలనుకున్నాడనుకుందాం. పోటీ సీసాను దుకాణంలో కొని బిల్లు దాచాలి. లేబుల్‌ను అన్ని వైపులా ఫొటో తీయాలి, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనిపించేలా. ఒక్క సీసా చాలదు, ఒక సీసా ఎండలో నిలబడి ఉండొచ్చు. వేర్వేరు బ్యాచ్‌ల నుంచి కనీసం మూడు తీసుకోవాలి. తన సీసాలూ అంతే వయసువి కావాలి. నిన్న ఆడించిన తన నూనెను, అయిదు నెలల కిందటి పోటీ నూనెను పక్కన పెడితే అది పోలిక కాదు. రెండింటినీ ఒకే ప్రయోగశాలకు, ఒకే రోజు, ఒకే పరీక్షకు పంపాలి. గుర్తింపు ఉన్న ప్రయోగశాల అయితే నివేదికకు విలువ. ఫలితం తనకు వ్యతిరేకంగా వస్తే ఆ పోలిక వదిలేయాలి. తనకు అనుకూలంగా వచ్చిన ఒక్క పరీక్షనే ఎంచుకుని మిగతా నాలుగు దాచేసినా అదే ఆస్కీ నియమానికి దొరికిపోతాడు.

ఫొటోల్లో కూడా ఈ జాగ్రత్తే కావాలి. తన సీసాను కిటికీ వెలుతురులో, పక్క సీసాను నీడలో పెట్టి తీస్తే మాటల్లో ఎంత మర్యాద ఉన్నా చిత్రం తిడుతుంది. పోటీ సీసా మూత రంగు, ఆకారం గుర్తుపట్టేలా ఉంచి లేబుల్ మాత్రం మసకబార్చే అలవాటు కూడా ఉంది. నీలిమందు కేసులో కూడా పేరు చెప్పకుండానే సీసా ఆకారం పోటీ సరుకును పట్టిచ్చింది.

ఇప్పుడు మన యజమాని వివరణను తిరిగి రాస్తే ఇలా ఉండవచ్చు:

“కట్టె గానుగలో ఆడించిన వేరుశనగ నూనె. రిఫైన్ చేయనిది. నికర పరిమాణం 1 లీటరు, 910 గ్రాములు. ఇందులో వేరుశనగ నూనె తప్ప మరేదీ కలపలేదు. ఎండబెట్టి, చేతితో ఏరిన గింజలు వాడతాం. ప్రతి విడత నూనెకూ అఫ్లటాక్సిన్ పరీక్ష చేయిస్తాం, నివేదిక కింద ఉంది. రిఫైన్డ్ నూనెతో పోలిస్తే దీనికి వేరుశనగ వాసన, ముదురు రంగు ఉంటాయి. కేలరీలు, కొవ్వు రెండింట్లోనూ దాదాపు సమానం. ఖరీదు ఎక్కువ: లీటరుకు సుమారు రెండున్నర కిలోల గింజలు పడతాయి. పోపు, కూర, అట్లు, పచ్చళ్లకు బాగుంటుంది. ఎక్కువ మంట మీద గంటల తరబడి వేపుళ్లకు రిఫైన్డ్ నూనె అనువు. అడుగున కొద్దిగా మడ్డి కనిపించడం సహజం. మూత తీశాక రెండు నెలల్లో వాడేయండి.”

ఇందులో పోటీ సరుకు రెండుసార్లు వచ్చింది. ఒకసారి తేడా చెప్పడానికి, ఒకసారి దాన్ని కొనమని చెప్పడానికి. రెండోది చూసి చాలామంది వ్యాపారులు బెంబేలెత్తుతారు. కానీ బజ్జీల బండి నడిపే మనిషి ఈ సీసా కొని, మంట మీద పొగ వచ్చి, ఒక్క నక్షత్రం ఇచ్చి వెళ్లిపోవడం కన్నా ముందే పక్కకు తప్పుకోవడం ఇద్దరికీ లాభం. పచ్చళ్లకు మంచి వాసన ఉన్న నూనె వెతుక్కునే మనిషి మాత్రం చదివాక ఆగిపోతుంది. ఆమె వెతుకుతున్నది ఇక్కడే ఉంది.

ప్రశ్నలు వచ్చే చోట ఇంకో ప్రమాదం పొంచి ఉంటుంది. “ఫలానా బ్రాండ్ కన్నా మీది మంచిదా అండీ?” అని కొనేవాళ్లు అడుగుతారు. లిస్టింగ్‌ను ఎంత జాగ్రత్తగా రాసినవాళ్లైనా ఇక్కడ జారిపోతారు. “వాళ్లది కల్తీ అండీ” అని ఒక్క మాట టైప్ చేస్తే అది కూడా వ్యాపారి రాసిన మాటే, స్క్రీన్‌షాట్‌గా మిగిలే మాట. “వాళ్ల నూనె గురించి మేం చెప్పలేమండీ. మాది గానుగలో ఆడించింది, పరీక్ష నివేదిక పేజీలో పెట్టాం. వాళ్లను కూడా అదే నివేదిక అడిగి, రెండూ పోల్చి చూడండి” అంటే సరిపోతుంది. పొగుడుతూ వచ్చిన కస్టమర్ రివ్యూలో ఎవరో పోటీ బ్రాండ్‌ను తిట్టి ఉంటే, దాన్ని ఎత్తి ప్రకటనగా వాడుకోవడం కూడా ఆ తిట్టును సొంతం చేసుకోవడమే.

ఒకసారి న్యాయంగా రాసిన పోలిక ఎప్పటికీ న్యాయంగా ఉండదు. పోటీదారు సీసా మారుస్తాడు, ధర తగ్గిస్తాడు, తానూ అఫ్లటాక్సిన్ పరీక్షలు మొదలుపెడతాడు. అందుకే ధర పోలిక ఎక్కడ పెట్టినా దాని పక్కన తేదీ, ఏ ఊరి ఏ దుకాణంలో చూసిన ధరో రాసి ఉంచాలి. వేరుశనగ కొత్త పంట వచ్చి గింజ ధర మారిన ప్రతిసారీ, తన ధర మార్చిన ప్రతిసారీ ఆ వరస తిరిగి చూసుకోవాలి. చూసే తీరిక లేకపోతే ధర పోలికను పూర్తిగా తీసేసి తయారీ విధానాన్ని, పరీక్ష నివేదికను మాత్రం ఉంచుకోవచ్చు. అవి పక్కవాడు ఏం చేసినా మారవు.